ఓపెన్ నాట్ అని చెప్పి రౌటర్ అంటగట్టారు, కొనే ముందు ఈ ఒక్క నంబరు చూసుకోండి

పోయిన నెల 14,500 పెట్టి ఒక గేమింగ్ రౌటర్ కొన్నాను. ఎనిమిది యాంటెనాలు, ఎర్ర లైట్లు, చూడటానికి బోర్లా పడ్డ సాలీడులా ఉంటుంది. నా సమస్య దాంతో తీరలేదు. అసలు దేంతో తీరిందో రాస్తున్నాను, ఇంకొకరి డబ్బయినా మిగులుతుందని.

మా బావ డల్లాస్‌లో ఉంటాడు. మాకు ఆదివారం పొద్దున, వాళ్లకు శనివారం రాత్రి. ఇద్దరం పీఎస్5లో పార్టీ పెట్టుకుని కాసేపు ఆడతాం. ఇల్లు మారి కొత్త ఫైబర్ కనెక్షన్ తీసుకున్నాక గోల మొదలైంది. పార్టీలో ఇద్దరి పేర్లూ కనిపిస్తాయి, గొంతు మాత్రం రాదు. "బామ్మర్దీ, వినపడుతోందా?" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టేవాడు పాపం. మ్యాచ్ కోసం వెతికితే అయిదారు నిమిషాలు తిరిగీ తిరిగీ ఎర్రర్ వచ్చేది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌లోకి వెళ్లి Test Internet Connection నొక్కితే `NAT Type 3` అని చూపించింది. నాట్ అంటే ఇంట్లోని పరికరాలన్నీ ఒకే ఐపీ నంబరుతో బయటికి వెళ్లేలా రౌటర్ చేసే ఏర్పాటు; టైప్ 3 అంటే బయటి నుంచి లోపలికి వచ్చే దారి దాదాపు మూసుకుపోయినట్టు. ఎక్స్‌బాక్స్ వాళ్లకు ఇదే Strict అని వస్తుంది. బావకూ టైప్ 3యే. ఇద్దరిలో ఒకరు టైప్ 2 అయినా చాలావరకు నడిచిపోతుంది. ఇద్దరూ 3 అయితే రెండు కన్సోళ్లూ నేరుగా ఒకదాన్నొకటి అందుకోలేవు.

షాపులో ఈ మాటే చెప్పాను. "దీంట్లో ఓపెన్ నాట్ బటనే ఉంది సార్, ఒక్క నొక్కుతో అయిపోద్ది, పింగ్ కూడా సగానికి దిగుతుంది" అన్నాడు. నమ్మాను.

ఇంటికొచ్చి ఫైబర్ వాళ్ల డబ్బాకు కొత్త రౌటర్ తగిలించాను. బటన్ నొక్కాను. టైప్ 3. రౌటర్ పేజీలో, బయటి లైన్ నుంచి దానికి వచ్చిన నంబరు చూపించే `WAN IP` దగ్గర 192.168.1.5 అని ఉంది. అంటే ఫైబర్ డబ్బా ఒక రౌటర్‌గా, నేను కొన్నది ఇంకో రౌటర్‌గా, రెండూ ఒకదాని వెనక ఒకటి పనిచేస్తున్నాయి. దీన్ని డబుల్ నాట్ అంటారు. కేబుల్ అబ్బాయిని పిలిపించి, డబ్బా రౌటర్ పని మానేసి లైన్‌ను నేరుగా అందించేలా బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించాను. కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ నా రౌటర్‌లో కొట్టాం. ఇప్పుడు `WAN IP` మారి 100.81 తో మొదలయ్యే నంబరు వచ్చింది. నాట్ మాత్రం 3 దగ్గరే ఉంది.

తర్వాత రెండు రాత్రులు పోర్టులతో కుస్తీ. పీఎస్5కి ఇంట్లో మారని ఐపీ ఒకటి కేటాయించి, దానికి యూడీపీ 3478, 3479, 3074 ఫార్వర్డ్ చేశాను. అవి తీసేసి, కావాల్సిన పోర్టులు కన్సోలే తెరిపించుకునే `UPnP` ఆన్ చేశాను. బయటి నుంచి వచ్చేదంతా నేరుగా కన్సోల్‌కే వెళ్లేలా దాన్ని `DMZ`లో పెట్టి కూడా చూశాను. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ అదే 3.

నా తప్పేంటంటే, ఆ 100.81 కళ్లముందు ఉన్నా పట్టించుకోలేదు. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న నంబర్లు ఇంటర్నెట్‌లో ఎవరికీ సొంతం కావు. నెట్ కంపెనీలు లోపల వాడుకోవడానికని 2012లో పక్కన పెట్టిన వరుస అది. పాత రకం ఐపీ నంబర్లు సరిపోక, కంపెనీ ఒక్క పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు కలిపి ఇస్తుంది. దాని పేరే సీజీ నాట్. అపార్ట్‌మెంట్ పేరు మాత్రమే రాసి, ఫ్లాట్ నంబరు లేకుండా వచ్చిన కొరియర్ లాంటిది ఇది. వాచ్‌మన్ గేటు దగ్గరే వెనక్కి పంపేస్తాడు. నా ఫ్లాట్ తలుపు బార్లా తీసి కూర్చుంటే ఏం లాభం? పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే నా తలుపు తీయడం. గేటు నెట్ కంపెనీ చేతిలో ఉంది. పద్నాలుగు వేలది కాదు, లక్ష రూపాయల రౌటర్ కొన్నా ఆ గేటు తెరుచుకోదు.

కాబట్టి షాపుకు వెళ్లే ముందు రెండు నిమిషాలు కూర్చోండి. ఇప్పుడున్న రౌటర్ పేజీలో `WAN IP` చూసి రాసుకోండి. అదే వైఫైలో ఉండి, వీపీఎన్ ఉంటే ఆపేసి, గూగుల్‌లో what is my ip అని కొట్టండి. రెండు నంబర్లూ ఒకటే అయితే మీకు పబ్లిక్ ఐపీ ఉంది, `UPnP` ఆన్ చేస్తే చాలావరకు పని అయిపోతుంది. వేరువేరుగా ఉండి `WAN IP` 192.168 తో మొదలైతే సాధారణంగా ఇంట్లోనే రెండు రౌటర్లు ఉన్నట్టు. 100.64–100.127 మధ్య ఉన్నా, 10 తో మొదలైనా సీజీ నాట్ అనుకోవచ్చు. కొందరు విండోస్ కంప్యూటర్‌లో ఇది కొట్టి చూడమంటారు:

```
tracert -d 8.8.8.8
```

ఇందులో రెండో లైన్‌లో 10 తో మొదలయ్యే నంబరు కనిపించగానే కంగారు పడకండి. పబ్లిక్ ఐపీ ఉన్నవాళ్లకూ దారిలో అలాంటివి వస్తుంటాయి. తేల్చి చెప్పేది `WAN IP` ఒక్కటే.

నాకు దొరికిన దారి ఇది: కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "పబ్లిక్ స్టాటిక్ ఐపీ కావాలి" అన్నాను. మొదటి అమ్మాయికి అర్థం కాలేదు. మూడో ఫోన్‌లో, ఏడాదికి 1,500, పైన జీఎస్టీ అన్నారు. కట్టిన మర్నాడు `WAN IP` మారింది, పీఎస్5లో `NAT Type 2` వచ్చింది. బావ గొంతు వినపడింది. ఉండబట్టలేక కొత్త రౌటర్ పీకేసి, కంపెనీ ఇచ్చిన ఉచిత డబ్బానే మళ్లీ మామూలు మోడ్‌లో పెట్టించి `UPnP` ఆన్ చేసి చూశాను. దాంట్లోనూ టైప్ 2యే! పబ్లిక్ ఐపీ తీసుకున్నాక రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేయండి, `DMZ`లో దేన్నీ వదిలేయకండి. ఇప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ లేడు మరి.

గొంతు వచ్చింది కానీ కొన్నిసార్లు రోబోలా ముక్కలు ముక్కలుగా వచ్చేది. దీనికీ నాట్‌కూ సంబంధం లేదు. విండోస్‌లో `ping -t 8.8.8.8` పెట్టి చూస్తే మామూలుగా 18 మిల్లీసెకన్లు, ఇంట్లో ఎవరి ఫోనైనా వీడియోలు బ్యాకప్ చేస్తుంటే 240. అప్‌లోడ్ లైన్ నిండిపోయి, మన గొంతు ఆ వీడియోల వెనక క్యూలో నిలబడుతోంది. నా అప్‌లోడ్ 38 ఎంబీపీఎస్ వస్తుంది. గేమింగ్ రౌటర్ మళ్లీ తగిలించి, ఏ ట్రాఫిక్ ముందు వెళ్లాలో, ఎంత వాడాలో నియంత్రించే క్యూఓఎస్‌లో అప్‌లోడ్ పరిమితి 34 అని పెట్టాక పింగ్ 30 దాటలేదు. ఉచిత డబ్బాలో ఈ సదుపాయం లేదు, కాబట్టి రౌటర్ కొనాల్సిన పని నిజంగా ఉంటే ఇందుకే. అయితే లైన్ నిండినా క్యూ పెరగకుండా చూసే ఎస్‌క్యూఎం ఉన్న మామూలు రౌటర్ చాలు, యాంటెనాలు లెక్కపెట్టక్కర్లేదు. ఇక డల్లాస్‌కు పింగ్ సగం తగ్గుతుందన్న మాట ఉత్త అబద్ధం. సముద్రాలు దాటి వెళ్లే దూరం రౌటర్ మారిస్తే తగ్గదు.

షాపువాడు సీలు తీశారు కదా అని వెనక్కి తీసుకోలేదు. అందుకే చవకలో ఎస్‌క్యూఎం రౌటర్ ఒకటి కొనుక్కుని, దీన్ని 8,000కు అమ్మకానికి పెట్టాను. మొదట ఫోన్ చేసిన కుర్రాడు "అన్నా, నాకు నాట్ స్ట్రిక్ట్ వస్తోంది, ఇది తీసుకుంటే పోతుందా?" అన్నాడు. ముందు `WAN IP` ఫొటో పంపమన్నాను. 100.92 అని ఉంది. బేరం అక్కడితో ఆగిపోయింది.