ఉల్లి టమాటా మసాలా: తరిగి వేయించాలా, పచ్చిగా రుబ్బాలా, వేయించి రుబ్బాలా?

గ్రేవీ కూర ఏదైనా సరే, చెప్పేవాళ్ల నోట తప్పకుండా వచ్చే మాట ‘నూనె తేలేదాకా వేయించాలి’. మాట సరైనదే. కానీ ఆ నూనె చెప్పేది ఒక్క విషయమే: ముద్దలో నీరు ఎంత పోయింది అని. ఉల్లి సరిగ్గా వేగిందా లేదా అన్నది అది చెప్పదు. ఈ తేడా పట్టుకోకపోతే, నూనె చక్కగా తేలినా కూర తియ్యగానో, చప్పగానో, చేదుగానో వస్తుంది. పైగా మసాలా చేసే పద్ధతిని బట్టి నూనె కనిపించే వేళ, తీరు కూడా మారిపోతాయి. అందుకని ఒకే కొలతతో మూడు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

కొలత నలుగురికి సరిపడా గ్రేవీకి. ఉల్లిపాయలు 300 గ్రాములు (మధ్యరకం మూడు), పండిన టమాటాలు 300 గ్రాములు, నూనె 4 పెద్ద చెంచాలు (60 మి.లీ.), అల్లం వెల్లుల్లి ముద్ద ఒక పెద్ద చెంచా, కారం ఒకటిన్నర చిన్న చెంచా, ధనియాల పొడి రెండు చిన్న చెంచాలు, పసుపు పావు చెంచా, ఉప్పు ఒక చిన్న చెంచా. మందపాటి అడుగున్న వెడల్పు మూకుడు అయితే మంచిది. లోతు గిన్నెలో ఆవిరి త్వరగా పోదు, ముద్ద ఎంతకీ దగ్గరపడదు.

ముందు నూనె ఎందుకు తేలుతుందో చూడాలి. ఉల్లిపాయ బరువులో పదింట తొమ్మిది వంతుల దాకా నీరే. టమాటాలో ఇంకా ఎక్కువ. అంటే మన మూకుట్లో అర లీటరుకు పైగా నీరుంది. అది ఉన్నంతసేపూ ముద్ద వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, అంటే మసాలా ఉడుకుతుందే గాని వేగదు. ఆ సమయంలో నూనె చిన్నచిన్న చుక్కలై ఉల్లి, టమాటా గుజ్జులో చిక్కుకుని కంటికి కనబడదు. నీరు తగ్గేకొద్దీ ఆ చుక్కలు ఒకదానికొకటి తగిలి, కలిసి, అంచులకు వస్తాయి. కారం, పసుపుల రంగు నూనెలో కరుగుతుంది కాబట్టి వచ్చే నూనె ఎర్రగా ఉంటుంది. అసలైన వేపుడు అప్పుడే మొదలవుతుంది. నూనె కనబడగానే నీళ్లు పోసేస్తే ఆ మొదలుతోనే ఆపేసినట్టు. ఇంకో రెండు మూడు నిమిషాలు సన్న సెగ మీద కలుపుతూ వేయించినప్పుడే ధనియాలు, అల్లం వెల్లుల్లి పచ్చితనం పూర్తిగా పోతుంది.

సన్నగా తరిగి వేయించడం

నూనె కాగాక ఉల్లి ముక్కలు, సగం ఉప్పు వేయాలి. ఉప్పుకి ఉల్లి నీరు వదిలి మెత్తబడుతుంది. మొదటి ఐదు నిమిషాలు మంట కాస్త పెద్దగానే ఉంచి నీరు ఎగరనివ్వాలి, ఆ తర్వాత మధ్యస్థం చేయాలి. ముక్కలు సమంగా దోరరంగుకి రావడానికి మొత్తం పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. అప్పుడు అల్లం వెల్లుల్లి ముద్ద వేసి ఒక నిమిషం తిప్పాలి. మంట తగ్గించి పొడులు వేసి, వెంటనే రెండు పెద్ద చెంచాల నీళ్లు చిలకరించాలి. కారం ఒట్టి వేడి నూనెలో క్షణాల్లో నల్లబడి చేదెక్కుతుంది. ఆ నీళ్లు దాన్ని కాపాడతాయి. తర్వాత టమాటా, మిగతా ఉప్పు వేసి మూతపెట్టి నాలుగైదు నిమిషాలు మగ్గించి, మూత తీసి మరో ఆరేడు నిమిషాలు వేయించాలి.

ఈ పద్ధతిలో నూనె తొందరగా కనబడుతుంది, మోసం కూడా ఇక్కడే ఎక్కువ. ముక్కలు గుజ్జంతగా నూనెను పట్టి ఉంచలేవు. టమాటా వేసిన నాలుగైదు నిమిషాలకే అంచున నూనె మెరుస్తుంది, ముక్కల లోపల మాత్రం నీరు అలాగే ఉంటుంది. గరిటె వెనకవైపుతో ఒక టమాటా ముక్కను నొక్కి చూడండి. పల్చటి రసం కారితే ఇంకా కాలేదు. ముక్క ఆనవాలు లేకుండా నలిగి, ఆ చోట ఎర్రటి నూనె ఊరితే అయినట్టు.

రెండో తప్పు ఉల్లి దగ్గరే జరిగిపోతుంది. ఉల్లి తెల్లగా ఉండగానే టమాటా వేస్తే రెండు విధాల నష్టం. ఒకటి, టమాటా నీటితో వేడి మళ్లీ 100కి దిగుతుంది కాబట్టి ఉల్లి రంగు అక్కడితో ఆగిపోతుంది. రెండు, టమాటా పులుపు ఉల్లిని మెత్తబడనివ్వదు. అరగంట ఉడికించినా ముక్కలు పంటి కింద తగులుతూనే ఉంటాయి. నూనె మాత్రం ఏమీ తెలియనట్టే తేలుతుంది. ఉల్లి సంగతి టమాటా వేయకముందే తేల్చుకోవాలని చెప్పేది అందుకే. దోరగా వేగితే గ్రేవీ తేలికైన ఎరుపు, కొంచెం తీపి. ముదురు గోధుమరంగుకి వస్తే మాంసం కూరకు తగిన గాఢమైన రుచి. అంచులు నల్లబడితే మాత్రం ఆ చేదును టమాటా, చక్కెర ఏదీ దాచలేదు, ఆ ముక్కలు తీసేయాల్సిందే.

పచ్చి ఉల్లి ముద్ద

చాలామంది త్వరగా అవుతుందని దీన్ని ఎంచుకుంటారు. నిజానికి త్వరగా అయ్యేది మిక్సీ పనే. పచ్చి ఉల్లిని రుబ్బగానే దాని కణాలన్నీ చిట్లి, ఘాటైన గంధకపు పదార్థాలు ఒక్కసారిగా పుడతాయి. రుబ్బి పక్కన పెట్టిన కొద్దీ ఘాటు పెరుగుతుంది, చేదెక్కుతుంది. కాబట్టి రుబ్బితే వెంటనే మూకుట్లో పడాలి.

పడ్డాక కష్టం వేరే ఉంది. 300 గ్రాముల ముద్ద మొదట పలచటి జావలా ఉడుకుతూ మీదికి చిందుతుంది. సగం నీరు పోయాక అడుగంటడం మొదలుపెడుతుంది. రంగు మారడానికి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు చేయి ఆపకుండా కలపాలి, నూనె కూడా ఇంకో పెద్ద చెంచా, రెండు చెంచాలు అడుగుతుంది. ఇక్కడ నూనె తేలడం రెండుసార్లు చూడాలి: టమాటా వేయకముందు ఒకసారి, వేశాక మరోసారి. మొదటిసారి తేలకముందే టమాటా గుజ్జు పోస్తే ఉల్లి పచ్చివాసన కూర చివరిదాకా వెంటాడుతుంది. గరం మసాలా ఎంత వేసినా అది పోదు.

ఉల్లిని నాలుగు ముక్కలు చేసి పది నిమిషాలు నీళ్లలో ఉడికించి, నీళ్లు వంపేసి రుబ్బితే ఘాటు, చేదు బాగా తగ్గుతాయి. తెల్లటి గ్రేవీలకు అది సరైన దారి. ఎర్ర గ్రేవీకి అది రుచి తక్కువ.

వేయించి, ఆపై రుబ్బడం

సగం నూనెలో (2 పెద్ద చెంచాలు) ఉల్లిని మందపాటి చీలికలుగా ఎనిమిది నుంచి పది నిమిషాలు వేయించాలి. అంచులు రంగు తిరిగాక టమాటా ముక్కలు వేసి తొక్క ముడుచుకునేదాకా ఐదు నిమిషాలు మగ్గించి, పూర్తిగా చల్లార్చి నీళ్లు పోయకుండా రుబ్బాలి. వేడివేడిగా మిక్సీలో వేస్తే ఆవిరికి మూత ఎగిరిపడే ప్రమాదం ఉంది. మిగతా నూనె వేడిచేసి అల్లం వెల్లుల్లి, పొడులు, కాసిని నీళ్లు, ఆ తర్వాత ఈ ముద్ద వేసి ఎనిమిది నుంచి పది నిమిషాలు వేయించాలి.

పాత్రలు ఎక్కువ, సమయం ఎక్కువ. కానీ నూనె గుర్తు అన్నిటికన్నా నమ్మకంగా పనిచేసేది ఇందులోనే. మెత్తటి గుజ్జు నూనెను గట్టిగా పట్టుకుంటుంది, నీరు నిజంగా తగ్గాక గానీ వదలదు. అది కూడా మడుగులా రాదు, ముందు ముద్ద పైన సూదిమొనంత ఎర్రటి చుక్కలుగా పొడుస్తుంది. మోత మారుతుంది: బుడగలు పగిలే ‘బుడబుడ’ తగ్గి, వేపుడు ‘సుయ్’ మొదలవుతుంది. గరిటెతో మధ్యలో గీత గీస్తే అడుగు కనబడి, ముద్ద వెంటనే మూసుకోదు, ఆ గాడిలోకి ముందు నూనె జారుతుంది. ఆ నూనె జారడం చూశాక ఇంకో రెండు నిమిషాలు వేయించి, అప్పుడు వేడినీళ్లు పోయాలి.

నూనె తేలకపోయినా, ముందే తేలినా

ఇదే కొలతకు 2 పెద్ద చెంచాల నూనే వాడితే మడుగు ఎప్పటికీ రాదు. దానికోసం చూస్తూ కూర్చుంటే మసాలా మాడుతుంది. అప్పుడు చూడాల్సింది ముద్ద మెరుపు, మూకుడు అంచులు వదిలి ఒక్క ముద్దగా తిరగడం, ముక్కుకి పచ్చివాసన తగలకపోవడం. దీనికి విరుద్ధంగా అర కప్పు నూనె పోస్తే టమాటా ఉడకకముందే తేలుతుంది. అక్కడ నూనె దేనికీ సాక్ష్యం కాదు.

జీడిపప్పు ముద్ద ముందే కలిపితే నూనె బాగా ఆలస్యంగా వస్తుంది, ఈలోగా అడుగంటుతుంది. అందుకే మసాలా నూనె వదిలాకే జీడిపప్పు వేసి, తర్వాత రెండు మూడు నిమిషాలు మాత్రం ఉంచాలి. పెరుగు వేసిన మసాలాలో గింజల్లా కనబడి చుట్టూ పల్చటి నీరు చేరితే అది పెరుగు విరగడం, నూనె తేలడం కాదు. నూనె ఎర్రగా, జిడ్డుగా మెరుస్తుంది, ఆ నీరు పాలిపోయి ఉంటుంది.

విదేశాల్లో డబ్బా టమాటా వాడేవాళ్లకు ఇంకో రెండు సంగతులు. చిక్కటి టమాటా పేస్టులో నీరు ముందే తీసేసి ఉంటుంది కాబట్టి రెండు మూడు నిమిషాల్లో నూనె వదులుతుంది, పొడులు మాత్రం అప్పటికింకా పచ్చిగా ఉంటాయి. పావు కప్పు నీళ్లు పోసి మళ్లీ దగ్గరపడనివ్వాలి. డబ్బాలో ముక్కలుగా వచ్చే టమాటాలో చాలావాటికి ముక్క చెదరకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, ఎంత వేయించినా నలగవు. వాటిని తరిగే పద్ధతికి వాడకుండా రుబ్బి వేయాలి.

ఏది దేనికి?

కోడిగుడ్డు కూర, ఇంటి కోడి కూర, మాంసం ఇగురు లాంటివాటికి తరిగి వేయించడమే మేలు. ఉల్లి రంగును కళ్లతో చూసి ఆపగలం, ఇగురుకి ముక్కల వల్ల పట్టు కూడా వస్తుంది. పనీర్, పుట్టగొడుగులు, బఠాణీ లాంటివాటికి నునుపు గ్రేవీ కావాలి, వాటికి వేయించి రుబ్బిన మసాలా. పచ్చి ముద్ద ఈ రెండింటికీ పోటీ కాదు. పెద్ద ఎత్తున వండేటప్పుడు, వెడల్పాటి పాత్ర, ధారాళంగా నూనె, కలిపే మనిషి ఉన్నప్పుడే అది కలిసొస్తుంది. ఇంట్లో నలుగురికి అది శ్రమే.

ముందుగా చేసి పెట్టుకోవాలనుకుంటే మూడో పద్ధతి మసాలాను పూర్తిగా నూనె వదిలేదాకా వేయించి, చల్లార్చి, పొడి సీసాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బాగుంటుంది. వాడేరోజు చెంచా నూనెలో వేసి, మళ్లీ అంచుకి నూనె వచ్చేదాకా వేడిచేశాకే నీళ్లు పోయండి.