దేవాల్ బజార్లో పన్నెండింటి జీపు

మా బస్సు ఉత్తరాఖండ్‌లోని దేవాల్ బజార్లో ఆగేసరికి సాయంత్రం ఐదు దాటింది. ఫిబ్రవరి నెల, ఎండ అప్పటికే కొండ వెనక్కి వెళ్లిపోయింది. కండక్టరు "బస్, యహీ తక్" అని టాప్ మీంచి మా రెండు బ్యాగులూ కిందికి దింపేశాడు. ఇక్కణ్ణుంచి లోహాజంగ్ ఇంకా పాతిక కిలోమీటర్లు. బ్రహ్మతాల్ ట్రెక్ మొదలయ్యేది అక్కడే. షేర్ జీపులు దొరుకుతాయని చదువుకునే వచ్చాం. బజారంతా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగితే కనిపించింది ఒకే ఒక్క మ్యాక్స్ బండి. దాని డ్రైవరు టీ కొట్టు ముందు నిప్పుల కుంపటికి చేతులు కాపుకుంటున్నాడు.

"షేరింగ్ ఇప్పుడెక్కడిది? సవారీలంతా మూడు గంటలకే వెళ్లిపోయారు. బుకింగ్ అయితే పదిహేను వందలు" అన్నాడు.

షేర్‌లో తలకి వంద అని మాకు తెలుసు. ఇద్దరికి రెండొందలు అయ్యేదానికి పదిహేను వందలా? మా బావమరిది నా చెయ్యి పట్టి లాగాడు. "బావా, చీకటి పడిందని మనల్ని ఆడుకుంటున్నాడు. పొద్దున్నే ఆరింటికి మొదటి జీపు ఎక్కేద్దాం." నాకూ అదే సబబు అనిపించింది. మేం చేసిన తప్పు అదే. దాని గురించి చెప్పే ముందు అసలు ఇక్కడి దాకా ఎలా వచ్చామో రెండు ముక్కల్లో చెప్తాను.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైలు, కశ్మీరీ గేట్ నుంచి రాత్రి బస్సులో రిషికేశ్. అక్కడ తెల్లవారుజామున ఐదింటికి కర్ణప్రయాగ బస్సు ఎక్కాం. దేవప్రయాగ, గఢ్వాల్ శ్రీనగర్, రుద్రప్రయాగ మీదుగా దాదాపు 170 కిలోమీటర్లు, అలకనంద పక్కనే దారి. దారి పొడవునా రిషికేశ్-కర్ణప్రయాగ రైల్వే లైను సొరంగాల పని కనిపిస్తూనే ఉంటుంది. 125 కిలోమీటర్ల ఆ లైను పూర్తయితే ఈ మొదటి అంకం మొత్తం మారిపోతుంది. ప్రస్తుతానికి మాత్రం మధ్యాహ్నం దాకా బస్సులో కుదుపులే. కర్ణప్రయాగలో పిండర్ నది వచ్చి అలకనందలో కలుస్తుంది. అక్కడ బస్సు మారి, పిండర్ పక్కనే నారాయణ్‌బగడ్, థరాలీ మీదుగా దేవాల్ చేరాలి. మాకు ఆ రెండో బస్సు కోసం గంటన్నర పట్టింది. ఐదు దాటడానికి కారణం అదే.

ఆ రాత్రి దేవాల్లో ఒక లాడ్జిలో దిగాం. గది ఎనిమిది వందలు. రజాయి మీద చెయ్యి పెడితే తడి తగిలింది. ఎప్పుడో ఎండేసిన వాసన కూడా లేదు. గీజరు ఉంది, కరెంటు లేదు. రాత్రి పక్క ధాబాలో పప్పు, రొట్టె, ముల్లంగి కూర తిన్నాం. అది మాత్రం వంక పెట్టడానికి లేదు. వేడివేడిగా పెట్టి, మళ్లీ మళ్లీ అడిగి వడ్డించారు.

పొద్దున ఐదున్నరకే లేచి, బ్యాగులు తగిలించుకుని జీపులు ఆగేచోటికి పోయాం. ఆరుంబావుకి మొదటి జీపు వచ్చింది, పైనుంచి కిందికి. ఏడింటికి ఇంకోటి, అదీ పైనుంచే. ఎనిమిది లోపల ఏడెనిమిది బళ్లు దిగాయి. యూనిఫారాల పిల్లలు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు, తహసీల్ పని మీద ఫైళ్లు చంకన పెట్టుకున్నవాళ్లు. అందరూ దిగాక డ్రైవర్లు బళ్లు వరసగా గోడవారన పెట్టి టీలకి పోయారు. పైకి పోయేదెప్పుడు అని అడిగితే ఒకాయన నవ్వి "బజార్ హో జాయే, ఫిర్" అన్నాడు.

అప్పటికి విషయం బుర్రకెక్కింది. ఈ జీపులు దేవాల్ బళ్లు కావు, పై ఊళ్లవి. లోహాజంగ్, ముందోలీ, వాణ్ ఊళ్ల బళ్లు రాత్రి అక్కడే ఉంటాయి. పొద్దున జనాన్ని కిందికి తెస్తాయి, వాళ్ల పనులు అయ్యాక వాళ్లనే పైకి తీసుకుపోతాయి. కాబట్టి పైకి పోయే షేర్ జీపు పదకొండుకి ముందు దొరకదు, మూడు దాటాక దొరకదు. "పొద్దున్నే పోతే దొరుకుతుంది" అన్న మన బస్టాండు లెక్క ఇక్కడ సరిగ్గా తలకిందులు. ట్రెక్కర్ల కోసం నడిచే బండి ఇక్కడ ఏదీ లేదు. బజారుకొచ్చిన వాళ్ల బండిలో మనకో చోటు దొరుకుతుంది, అంతే.

ఇంకో సంగతి. మేం "లోహాజంగ్, లోహాజంగ్" అని అడుగుతూ రెండు బళ్లు వదిలేశాం. అవి వాణ్ వెళ్లేవి. వాణ్ ఇంకా ముందుకి ఉంటుంది, ఆ దారి లోహాజంగ్ మీదుగానే పోతుంది. ఈ ముక్క టీ కొట్టు దీదీ చెప్పే దాకా తెలీలేదు. అడిగితే "వాణ్ జానే వాలీ గాడీ" అని కూడా అడగాలి.

చివరికి పన్నెండు గంటలకి ఒక మ్యాక్స్‌లో కూర్చున్నాం. ఆ బండిలో చోట్లు పది: ముందు డ్రైవరు పక్కన ఇద్దరు, మధ్య వరసలో నలుగురు, వెనక ఎదురెదురు బల్లల మీద నలుగురు. కడుపులో తిప్పేవాళ్లు వెనక బల్లల మీద అస్సలు కూర్చోకూడదు. పక్కకి తిరిగి కూర్చుని మలుపులు తిరగడం, డీజిల్ వాసన, రెండూ కలిస్తే అవోమిన్ మాత్ర కూడా కాపాడదు. మధ్య వరసలో కిటికీ దొరికితే అదృష్టం. ముందు సీట్లు మాత్రం ఆశించొద్దు, అవి పొద్దున దిగేటప్పుడే ఊరివాళ్లు చెప్పి పెట్టుకుంటారు.

బండి పైన అప్పటికే రెండు గ్యాసు బుడ్లు, ఉల్లిపాయల బస్తా, రేకుల కట్ట, దాణా మూటలు. మా బ్యాగుల్ని రేకుల మీద పడేసి తాడు బిగించబోతే నేను ఆపి, రేకు అంచు తగలకుండా మధ్యలో దాణా మూట పెట్టించాను. మా వెనక బండిలో ఒకబ్బాయి అలా చూసుకోలేదు, లోహాజంగ్‌లో దింపేసరికి అతని రెయిన్ కవర్ అడ్డంగా కోసుకుపోయి ఉంది.

ఎనిమిది మంది ఎక్కారు. పావుగంట, ఇరవై నిమిషాలు, ఇంకో ఇద్దరు రారు. పది నిండితే గానీ డ్రైవరు తాళం తిప్పడు. ఇక్కడ అందరికీ తెలిసిన ఒక పద్ధతుంది: ఖాళీ చోట్ల డబ్బు ఎవరైనా ఇస్తే బండి అప్పుడే కదులుతుంది. "దో సీట్ కా దే దూఁ?" అన్నాను. ఆయన తలూపాడు. రెండొందలు. నేను కట్టిన ఒక చోటులో కొంచెం దూరం పోయాక ఒక మేకపిల్లతో సహా ముసలాయన్ని ఎక్కించుకున్నాడనుకోండి. అదేమని అడగలేదు. ఆ మేకపిల్ల మా బావమరిది షూ లేసు నమలడం మొదలెట్టాక మాత్రం అడగాలనిపించింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ముందురోజు సాయంత్రం బుకింగ్ వద్దన్నందుకు లాడ్జి 800, తిండి 340, జీపు మా రెండు, ఖాళీవి రెండు కలిపి 400. మొత్తం 1,540. వద్దన్న బండి 1,500. "ఎక్కడున్నా గదికీ తిండికీ పెట్టేవాళ్లమే కదా బావా" అని మావాడి వాదన. నిజమే, కానీ సగం రోజు పోయింది. పైగా ఆ డ్రైవరు మమ్మల్ని ఆడుకోలేదు కూడా. ఆయన థరాలీ మనిషి, చీకట్లో పైకి పోయి ఖాళీగా వెనక్కి రావాలి. ఇద్దరే ఉండి చేతిలో ఒక రోజు అదనంగా ఉంటే షేర్ కోసం ఆగండి. నలుగురైదుగురు ఉంటే మారుమాట లేకుండా బుకింగ్ చేసుకోండి, తలకి మూడు నాలుగొందలకి మించదు. ట్రెక్ కంపెనీలు రిషికేశ్ నుంచి పెట్టే బండి ఖరీదే గానీ, మరుసటి రోజే నడక మొదలయ్యేవాళ్లకి అదే మంచిది. మేం ఒక రోజు ముందు బయల్దేరాం కాబట్టి బతికిపోయాం.

దారి కాయిల్ నది లోయలోంచి ఎక్కుతుంది. ముందోలీ దాటాక మలుపులు దగ్గరదగ్గరగా వస్తాయి. మెల్లగా దేవదారులు, నీడ పట్టిన చోట్ల పాత మంచు. గంటంబావులో లోహాజంగ్. సుమారు 7,600 అడుగుల ఎత్తున, రెండు లోయల మధ్య గట్టు మీద ఊరు. అమ్మవారు లోహాసురుడనే రాక్షసుడితో ఇక్కడ యుద్ధం చేసిందని, అందుకే ఈ పేరని ఊరివాళ్లు చెప్తారు. గట్టు మీద గుడి ఉంది. ఆకాశం తేటగా ఉంటే ఎదురుగా నందా ఘుంటీ, 6,309 మీటర్ల శిఖరం, తెల్లగా కనిపిస్తుంది.

మేం దిగింది ఒక ఇంట్లో, హోమ్‌స్టే. రాత్రి భోజనంతో కలిపి గది 1,200. దేవాల్ లాడ్జికీ దీనికీ పోలికే లేదు. రజాయిలు పొద్దంతా డాబా మీద ఎండేసి, సాయంత్రం వెచ్చగా తెచ్చి పరిచారు. గీజరు లేదు, కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్లు బకెట్‌తో ఇచ్చారు, కరెంటు పోయినా చింత లేదు. మండువా రొట్టె (మన రాగులే), రాజ్మా, నెయ్యి. లోపం ఒక్కటే, బాత్రూం బయట ఉంది. రాత్రి రెండింటికి ఆ పది అడుగులు నడవడం కూడా ట్రెక్ కిందే లెక్క. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారి రెస్ట్ హౌస్ కూడా ఊళ్లో ఉంది. డబ్బు మాత్రం కిందే తీసుకుని రండి.

మా కథ విని ఇంటాయన తల కొట్టుకున్నాడు. "కర్ణప్రయాగ నుంచి ఒక ఫోన్ చేస్తే మా ఊరి బండిని మీరొచ్చే దాకా ఆపించేవాణ్ణి కదా!" గది ముందే మాట్లాడుకునేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే ఏర్పాటు లేదు. ఆయన చుట్టాల్లోనే ఇద్దరికి జీపులున్నాయి.

తిరుగు ప్రయాణానికి ఆ పాఠం వాడుకున్నాం. ట్రెక్ దిగిన సాయంత్రమే ఇంటాయనతో చెప్పించి మధ్య వరసలో రెండు చోట్లు అట్టిపెట్టించాం. పొద్దున ఆరున్నరకి బండి గుమ్మం ముందుకే వచ్చింది. పది నిమిషాల్లో నిండింది. అయితే పొద్దుటి ప్రయాణానికి పాలా భయం ఉంది. పగలు కరిగిన మంచునీరు రాత్రి రోడ్డు మీద గాజులా గడ్డకడితే దాన్నే వాళ్లు పాలా అంటారు. నల్లటి తారు మీద నల్లగానే ఉంటుంది, లైటు పడితే తప్ప తెలీదు. ముందోలీకి పైన ఒక నీడ మలుపులో డ్రైవరు బండాపి అందర్నీ దించేశాడు. సీటు కింది నుంచి బూడిద సంచి తీసి, టైరు పోయే రెండు బాటల మీదా చల్లాడు. మేం అంచు పట్టుకుని వంద అడుగులు నడిచాం, బండి ఖాళీగా, మొదటి గేరులో, మా పక్కనుంచి పాకుతూ దిగింది. వానాకాలంలో ఈ దారి సంగతి వేరు. 2025 ఆగస్టులో థరాలీ మీద పడ్డ కుంభవృష్టి ఊరిలోకే బురద తెచ్చింది. జులై, ఆగస్టుల్లో ఈ జీపుల టైములేవీ లెక్కలోకి రావు.

దేవాల్లో దిగేసరికి ఎనిమిది. గోడవారన ఇద్దరు కుర్రాళ్లు, వీపున పెద్ద బ్యాగులు, పైకి పోయే జీపు కోసం ఆరింటి నుంచి నిలబడి ఉన్నారు. బెంగళూరు నుంచట. పదకొండు, పన్నెండు అయితే గానీ ఏదీ కదలదని చెప్పాను. ఒకతను నన్ను అనుమానంగా చూసి, మా డ్రైవర్నే మళ్లీ అడిగాడు. ఆయన టీ కొట్టు వైపు నడుస్తూనే, వెనక్కి తిరక్కుండా, "బారా బజే" అన్నాడు.