సరుకు గుంటూరుకే, పన్ను మాత్రం ఐజీఎస్టీ

విజయవాడ వ్యాపారి లక్ష రూపాయల ఇనుప కడ్డీలను గుంటూరు దుకాణానికి అమ్మితే, బిల్లులో కేంద్రానికి వెళ్లే సీజీఎస్టీ 9,000, రాష్ట్రానికి వెళ్లే ఎస్జీఎస్టీ 9,000 వేయాలి. హైదరాబాదుకు పంపితే, రాష్ట్రాల మధ్య అమ్మకానికి పడే ఐజీఎస్టీ 18,000. మొత్తం ఒకటే, ఖాతాలు వేరు.

తికమక ఇక్కడే. హైదరాబాదు వ్యాపారి కొని, “సరుకు గుంటూరులోని మా ఖాతాదారుకు దింపండి” అంటాడు. లారీ రాష్ట్రం దాటదు. అయినా విజయవాడ బిల్లులో ఐజీఎస్టీయే పడాలి. ఎందుకంటే ఏ పన్నో తేల్చే సరఫరా స్థలం, దింపమని చెప్పిన కొనుగోలుదారు ప్రధాన వ్యాపార స్థలం. లారీని చూసి పన్ను వేసేవారు బోల్తా పడేది ఇందుకే.

పొరపాటు పడితే సరైన పన్ను మళ్లీ కట్టాలి. దానిపై వడ్డీ ఉండదు. తప్పుగా కట్టినది రీఫండు అడగాలి. అంతవరకు ఆ డబ్బు ఇరుక్కున్నట్టే.