వాట్సాప్‌లో పాత మాట వెతకడం: మామిడి మండీలో ఏళ్లుగా వాడుతున్న అనుభవం

దామలచెరువు మామిడి మండీలో లెక్కలు రాస్తాను. రైతులతో, లారీవాళ్లతో మాటలన్నీ వాట్సాప్‌లోనే. పోయిన సీజన్‌లో ఏం ఒప్పుకున్నామో తర్వాత తేల్చాల్సి వస్తే వెతకాల్సిందీ అక్కడే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో నా అనుభవం రాస్తున్నాను.

మొన్న పాకాల వైపు రైతొకాయన ఫోన్ చేసి, "లారీ బాడుగలో సగం మీరిస్తామన్నారు కదన్నా" అన్నాడు. ఆయన చాట్ తెరిచి, సెర్చ్‌లో తెలుగులో "బాడుగ" అని కొడితే ఏమీ రాలేదు. ఆయన తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాడు. వాట్సాప్ మాత్రం ఏ లిపిలో కొడితే ఆ లిపిలోనే వెతుకుతుంది. ఒకసారి baduga, ఇంకోసారి badugaa అని రాసే మనిషి కాబట్టి badu అని మొదటి అక్షరాలే కొట్టాను. చాలా వచ్చాయి, అన్నీ ఈ మధ్యవే ముందు. పాతవి ముందుకు తెచ్చే సదుపాయం లేదు, బాణం గుర్తు నొక్కుకుంటూ వెనక్కి పోవాల్సిందే.

అక్కడ పనికొచ్చింది తేదీ. ఆ లోడు కాటా చీటీ మీద రోజు రాసి ఉంది. చాట్‌లో పైన మూడు చుక్కలు నొక్కి సెర్చ్‌లోకి వెళ్తే క్యాలెండర్ గుర్తు ఉంటుంది. అందులో ఆ తేదీ ఎంచితే చాట్ నేరుగా ఆ రోజుకు పోతుంది. బేరం లోడుకు ముందే జరుగుతుంది కాబట్టి కొంచెం పైకి జరిపాను. బాడుగ మాట దొరికింది, కానీ అది ఆయన పంపిన వాయిస్. వాయిస్‌లో మాటల్ని సెర్చ్ పట్టుకోదు. కింద నేను "sari anna, baduga sagam" అని రిప్లై ఇచ్చి ఉన్నాను. దాని పైనున్న చిన్న పెట్టెను నొక్కితే అసలు వాయిస్ దగ్గరికే పోయింది. ఆయనకు వినిపించాను, సగం బాడుగ ఆయన ఖాతాలో వేశాం.

అందుకే ఇప్పుడు బేరం తేలిన ప్రతి వాయిస్‌కీ ఆ మాటను, రైతు పేరును టైపు చేసి రిప్లై ఇస్తాను. చీటీ ఫొటో పంపితే కింద రెండు మాటలు రాస్తాను. ఫొటోలోని రాతను సెర్చ్ చదవలేకపోయినా, కింద రాసింది దొరుకుతుంది.

పేర్ల విషయంలో నా సలహా ఒక్కటే: కాంటాక్టును ఊరితో కలిపి, గ్రూపును ఏడాదితో కలిపి సేవ్ చేసుకోండి. "తోట లోడ్లు 2024" అని ఉంటే, కొత్త మెసేజ్‌లు లేక జాబితాలో అడుక్కు పోయినా పేరు కొడితే పైకి వస్తుంది. పేరు పెట్టని నంబరైతే అంకెలు గుర్తుండాల్సిందే.

ఇదంతా ఫోన్‌లో ఉన్న మెసేజ్‌లకే. పాత మెసేజ్‌లను కొత్త ఫోన్‌లోకి తెచ్చుకోకుండా ఫోన్ మార్చినా, చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే పోయే సెట్టింగ్ పెట్టుకున్నా, ఏ మాట కొట్టినా రాదు. బేరాలు నడిచే చాట్లలో ఆ సెట్టింగ్ ఆఫ్‌లో ఉందో లేదో సీజన్ మొదట్లోనే చూసుకుంటాను.