పౌచ్ ఫోటోతో టీ బ్రాండ్ వెతకడం: చాలాకాలం వాడాక నా అనుభవం

పేరు సరిగ్గా కనిపించని టీ, కాఫీ పౌచ్‌ల ఫోటోలు పెట్టి బ్రాండ్ వెతకడం నాకు చాలాకాలంగా అలవాటు. ఫోన్‌లో ఉండే ఫోటో సెర్చ్ ఈ పనికి ఎంతవరకు పనికొస్తుందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. బ్రాండ్ కనిపెట్టడంలో ఐదుకి మూడున్నర ఇస్తాను. అలాంటి టీనే ఇంకొకటి చూపించడంలో మాత్రం ఒకటికి మించి ఇవ్వలేను.

పౌచ్ మొత్తాన్ని ఫోటో తీసి పెడితే సెర్చ్ రంగునూ ఆకారాన్నీ పట్టుకుంటుంది. ఎర్ర స్టిక్కర్ ఉన్న పారదర్శక పౌచ్ పెట్టండి, మసాలా పొడులూ డ్రై ఫ్రూట్సూ వచ్చి కూర్చుంటాయి. అదే ఫోటోలో అక్షరాలున్న చోటు వరకే కత్తిరించి పెడితే ఫలితాలు పూర్తిగా మారిపోతాయి. నా దృష్టిలో ఈ పద్ధతిలో సగం పని కత్తిరించడమే. ఇంకో సంగతి, మెరిసే పౌచ్‌ని ఫ్లాష్‌తో తీయకూడదు. కిటికీ పక్కన పెట్టి, ముడతలు సాపు చేసి, కాస్త ఏటవాలుగా తీస్తే చిన్న అక్షరాలు కూడా చదవొచ్చు.

మా చెల్లెలు పంపిన ఒక ఫోటో సంగతి చెప్తాను. స్టిక్కర్ సగం చిరిగిపోయింది, పేరులో చివరి మూడు అక్షరాలే మిగిలాయి. బార్‌కోడ్ మాత్రం శుభ్రంగా ఉంది కానీ 2తో మొదలైంది. అలాంటి నంబర్లు దుకాణాలు తమ లోపలి లెక్క కోసం వేసుకునేవి, బయట ఎక్కడ వెతికినా దొరకవు. లూజుగా తూచి ప్యాక్ చేసిన పౌచ్‌ల మీద ఇవే ఎక్కువ. 890, 479 లాంటి అంకెలతో మొదలైతే వెతకడం దండగ కాదు. అయితే 890 అంటే ఆ కంపెనీ నంబరు ఇండియాలో తీసుకుందని అర్థం, 479 అంటే శ్రీలంకలో. ఆకు ఎక్కడ పండిందో ఆ అంకెలు చెప్పవు.

దారి చూపించింది కింద మూలన ఉన్న PF1 అనే చిన్న ముద్ర. అది సీటీసీ టీలో, అంటే ఆకుని గింజలుగా చేసిన టీలో, గింజ సైజుని బట్టి వేసే ఒక గ్రేడు పేరు, కెన్యా సహా తూర్పు ఆఫ్రికా టీల మీద బాగా కనిపిస్తుంది. మిగిలిన మూడు అక్షరాలు, PF1, వెనక వైపు సగం కనిపిస్తున్న ప్యాకర్ చిరునామాలో ఒక ముక్క, ఈ మూడూ కలిపి మామూలు సెర్చ్‌లో టైప్ చేశాను. ప్యాకర్ దొరికాడు. తీరా చూస్తే అతనివి ఒకే డిజైన్‌లో మూడు రకాలు, తేడా అంతా గ్రేడులోనే. చిరిగిన ముక్క మీద గ్రేడు ఉండబట్టి సరైనది తేలింది. ఫోటో సెర్చ్ ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే మూడింటిలో ఏదో ఒకటి కొనాల్సి వచ్చేది.

ముద్రల్లో బాగా ఉపయోగపడేవి ఇంకో రెండున్నాయి. కత్తి పట్టుకున్న సింహం గుర్తు ఉంటే అది శ్రీలంకలోనే ప్యాక్ చేసిన అసలు సిలోన్ టీ. రెండాకులూ ఒక మొగ్గా పట్టుకున్న స్త్రీ ముఖం గుండ్రటి గుర్తులో ఉంటే డార్జిలింగ్. ఫోటో ఎంత మసకగా ఉన్నా ఈ రెండు ఆకారాలు తెలిసిపోతాయి.

ఇక అలాంటి టీ ఇంకొకటి కావాలంటే పౌచ్ ఫోటో పక్కన పెట్టి ఆకు ఫోటో తీయాలి. తెల్ల కాగితం మీద చెంచాడు పోసి పక్కన ఒక నాణెం పెడితే గింజ సైజు తెలుస్తుంది. గుండ్రటి గింజలైతే సీటీసీ, మెలితిరిగిన ఆకు ముక్కలైతే ఆర్థొడాక్స్. ఒకదానికి బదులు ఇంకొకటి కొంటే బ్రాండ్ ఎంత మంచిదైనా రుచి కలవదు. గింజలు రెండు సైజుల్లో ఉంటే గ్రేడులు కలిపారని అనుకోవచ్చు.

చివరి తేల్పు నాలుకదే. 100 మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు మూత. టీ రుచి పోల్చడానికి ఐఎస్ఓ 3103 ప్రమాణంలో ఉన్న కొలత ఇది. పాత టీ, కొత్త టీ పక్కపక్కన పెట్టి ముందు పాలు లేకుండా, తర్వాత పాలతో చూస్తాను. కెన్యా టీ రాగిరంగులో, చురుగ్గా ఉంటుంది. అస్సాం టీ చిక్కగా, ముదురుగా దిగుతుంది. చెల్లెలి పౌచ్ అయిపోయాక అదే బ్రాండ్ దొరకలేదు. వేరే ప్యాకర్ PF1 తెచ్చి పోల్చితే రంగు సరిపోయింది, చిక్కదనం తగ్గింది. మూడు పాళ్ల PF1కి ఒక పాలు అస్సాం సీటీసీ కలిపాక తను సరేనంది.

కాఫీ పౌడర్ దగ్గర ఫోటో అంతగా పనికిరాదు. చికోరీ కలిపినదో కాదో రంగు చూసి చెప్పలేం. గ్లాసు చన్నీళ్ల మీద చిటికెడు చల్లితే కాఫీ చాలాసేపు తేలుతుంది, చికోరీ వెంటనే మునిగి గోధుమరంగు చారలు వదులుతుంది. పాళ్లు మాత్రం దీంతో తేలవు, అవి లేబుల్ మీదే చూసుకోవాలి.