కౌలా, స్వాధీన తనఖానా, దారి హక్కా: పొలం ఇచ్చేటప్పుడు ఏది మేలు?

అల్లూరు వైపు మూడు ఎకరాలున్న రైతు ఒకాయన చెన్నైలో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారనుకోండి. రొయ్యల సాగు చేసే మనిషి వచ్చి, "అన్నా, ఆరు లక్షలు ఒకేసారి ఇస్తా, మూడేళ్లు పొలం నాకు వదులు" అంటాడు. మాట ఒకటే అయినా, దస్తావేజులో ఏం రాసుకున్నారన్న దాన్నిబట్టి లెక్క మారిపోతుంది.

కౌలు అని రాస్తే, ఆ ఆరు లక్షలు మూడేళ్ల అనుభవానికి కట్టిన అద్దె. గడువు తీరగానే పొలం వెనక్కి వస్తుంది, రూపాయి తిరిగి ఇవ్వక్కర్లేదు. స్వాధీన తనఖా అని రాస్తే, అదే ఆరు లక్షలు అప్పు. పొలం మీద వచ్చేది వడ్డీ కింద ఆ రొయ్యల సాగు ఆయన తింటాడు. మూడేళ్ల తర్వాత పొలం కావాలంటే ఆరు లక్షలూ కట్టాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే మూడేళ్లూ పొలంలోకి దిగి పంట తీసేది ఆయనే కాబట్టి బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వచ్చే రాబడి అసలుకు కూడా జమ అయ్యేలా తనఖా రాసుకోవచ్చు గానీ, ఆ ముక్క దస్తావేజులో స్పష్టంగా ఉండాలి.

తనఖాలో రైతుకు ఒక రక్షణ ఉంది. "గడువులో కట్టకపోతే భూమి నీదే" అని రాసుకున్నా అది చెల్లదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం అప్పు తీర్చి విడిపించుకునే హక్కు గడువు దాటినంత మాత్రాన పోదు.

తిరిగి ఇచ్చే డబ్బు చేతిలో ఉండదనుకుంటే, నా ఓటు కౌలుకే. మూడేళ్ల కౌలును రిజిస్టర్ చేయించాలి. వరి మడిని చెరువుగా తవ్వితే, దిగిపోయేటప్పుడు చదును చేసి ఇచ్చే ఖర్చు ఎవరిదో అందులోనే రాయాలి.

పక్క చెరువాయన మీ గట్టు మీదుగా పైపు వేసుకుంటానంటే అది మూడో రకం. ఆయనకు మీ పొలం స్వాధీనం కాదు, గట్టును వాడుకునే వీలు మాత్రమే. దాన్ని దారి హక్కులాంటి ఈజ్‌మెంట్ హక్కుగా ఇస్తే, అది మనిషికి కాదు, ఆయన పొలానికి అంటుకుంటుంది. రేపు ఆయన అమ్ముకుంటే కొన్నవాడికీ వస్తుంది. మీరు అమ్మినా కొన్నవాడు మామూలుగా ఒప్పుకోవాల్సిందే. అసలేమీ రాయకపోయినా, ఎవరి అనుమతీ అడక్కుండా హక్కుదారుడిలా 20 ఏళ్లు బాహాటంగా, ఆటంకం లేకుండా వాడుకుంటే కోర్టులో హక్కు తెచ్చుకోవచ్చు.

రిజిస్టరైన తనఖా, కౌలు ఆ భూమి మీది లావాదేవీలు చూపే ఈసీలో కనిపిస్తాయి. ఇలా వాడుకగా పుట్టిన దారి కనిపించదు, పొలం కొనేవాళ్లు గట్టు మీద నడిచి చూసుకోవాలి. ఇచ్చేవాళ్లయితే "అనుమతి మాత్రమే, ఎప్పుడైనా రద్దు చేస్తాం" అని రాయించి ఆయన సంతకం తీసుకోవాలి. అనుమతితో వాడుకున్న కాలం ఆ 20 ఏళ్లలోకి రాదు. కాకపోతే ఆ అనుమతిని నమ్మి ఆయన సిమెంటు కాలువలాంటి శాశ్వత కట్టడం కట్టుకుంటే, తర్వాత రద్దు చేయడం కష్టమవుతుంది.