ఫిల్టర్ పేపర్ కాదు, డెన్సిటీ జార్ అడగండి: కర్నూలు బంకుల్లో నా అనుభవం

పని మీద కర్నూలు, డోన్, గుత్తి మధ్య తిరిగే మనిషిని. ఒకటి పాత కార్బురేటర్ బండి, ఇంకొకటి కొత్త ఇంజెక్షన్ స్కూటర్. పెట్రోల్ మీద అనుమానం వచ్చినప్పుడల్లా బంకులో ఏదో ఒక పరీక్ష అడిగి చేయించుకోవడం ఏళ్లుగా అలవాటైపోయింది. వాటిలో ఏది పనికొస్తుంది, ఏది ఉత్త సంతృప్తి కోసమే అన్నది రాస్తున్నా.

మొదట ఫిల్టర్ పేపర్ గురించి. అందరూ అడిగేది అదే, బంకువాళ్లు కూడా నవ్వుతూ ఇచ్చేది అదే. నాజిల్ మూతి తుడిచి పేపర్ మీద ఒక చుక్క వేస్తారు, రెండు నిమిషాల్లో ఆరిపోయి జిడ్డు మరక మిగలకపోతే మంచి పెట్రోల్ అంటారు. కిరోసిన్ లాంటివి గట్టిగా కలిపితే జిడ్డు మిగులుతుంది, అంతవరకు నిజమే. కానీ నీళ్ల సంగతి ఆ పేపర్ చెప్పదు. ఒక చుక్కలో నీళ్లు వస్తాయా రావా అన్నది అదృష్టం, వచ్చినా కాసేపటికి అవీ ఆరిపోతాయి. నా మార్కులు పదికి మూడు.

డెన్సిటీ జార్‌కి మాత్రం ఎనిమిది ఇస్తా. అర లీటరు పట్టే పొడుగాటి గాజు జార్, అందులో తేలే హైడ్రోమీటర్, ఒక థర్మామీటర్, కొలిచిన డెన్సిటీని 15 డిగ్రీల లెక్కకు మార్చే ఒక పట్టిక గోడకో ఫైల్లోనో. ఇవి ప్రతి బంకులో ఉండాలి, అడిగిన కస్టమర్‌కి చూపించాలి. నాకు నచ్చిన విషయం ఏంటంటే, డెన్సిటీ కోసం నింపినా ఆ జార్ గాజుది కాబట్టి అడుగున నీళ్లు ఉంటే కంటికే కనిపిస్తాయి. నింపిన వెంటనే చూడకండి, బుడగలు పోయి స్థిరపడేదాకా ఆగి, జార్‌ని వెలుతురు వైపు పెట్టి అడుగు చూడండి. పైన ఆరెంజ్ రంగు పెట్రోల్, కింద రంగు తేడాగా ఒక పొర, రెంటి మధ్య గీత గీసినట్టు హద్దు కనిపిస్తే ఇంక డెన్సిటీ లెక్క కూడా అక్కర్లేదు.

ఈ కింది పొర గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్‌లో తిరిగే సగం వీడియోలు దీన్నే తప్పుగా చూపిస్తున్నాయి. ఇప్పుడు మనకు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ నీళ్లతో ఇట్టే కలిసిపోతుంది. కొంచెం నీళ్లు చేరితే ఇథనాల్ వాటిని తనలో దాచుకుంటుంది, మీకు ఏమీ కనిపించదు. హద్దు దాటితే మాత్రం ఇథనాల్ నీళ్లతో చేయి కలిపి పెట్రోల్‌ని వదిలేసి అడుక్కి దిగుతుంది. అంటే అడుగున ఒక గ్లాసు కనిపిస్తే పడినది గ్లాసు నీళ్లు అనుకోవద్దు, అందులో చాలా భాగం ఇథనాలే. వీడియోల్లో ఏం చేస్తారంటే 90 మిల్లీలీటర్ల పెట్రోల్‌లో 10 మిల్లీలీటర్ల నీళ్లు వాళ్లే పోసి ఊపుతారు, అడుగు పొర దాదాపు 28కి చేరుతుంది, చూశారా ఎన్ని నీళ్లు కలిపారో అని అరుస్తారు. 90లో 20 శాతం 18, దానికి మనం పోసిన 10 కలిపితే 28. అది సరైన పెట్రోల్ ఇచ్చే సమాధానమే. మోసం ఏం లేదక్కడ.

ఇక డెన్సిటీ. ఇక్కడే బంకువాళ్లతో ఎక్కువ గొడవలు జరిగేది. పెట్రోల్ డెన్సిటీని 15 డిగ్రీల దగ్గరికి మార్చి రాస్తారు, ప్రమాణం ప్రకారం ఒక ఘనపు మీటరుకి 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి. ఆ రోజు డెన్సిటీ ఎంతో రిజిస్టర్‌లో రాస్తారు, చాలా చోట్ల పంపు మీదే కనిపిస్తుంది. మన చేతిలో కొలిచి, మార్చాక వచ్చే అంకె దానికి 3 లోపు తేడాలో ఉండాలి. మన ఊళ్లో పెట్రోల్ 15 డిగ్రీల్లో ఎప్పుడుంటుంది చెప్పండి! వేడికి పెట్రోల్ వ్యాకోచించి హైడ్రోమీటర్‌లో తక్కువ చూపిస్తుంది, డిగ్రీకి సుమారు 0.85 చొప్పున. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల్లో కొలిస్తే ఇరవైకి పైగా తేడా వస్తుంది. నేరుగా పోల్చేసి "రిజిస్టర్‌లో ఒకటి, జార్‌లో ఒకటి, దొంగలు" అని కేకలేసేవాళ్లని నేను చూశా. పాపం బంకు కుర్రాడికి కూడా పట్టిక చదవడం రాదు, ఇద్దరూ అరుచుకుంటారు.

మొన్నటి వానల్లో మా బామ్మర్దికి జరిగింది చెప్తా. రాత్రి కర్నూలు ఊరి అంచున ఒక బంకులో పెట్రోల్ పోయించుకుని ఇంటికొచ్చాడు, ఆ రాత్రంతా వాన. తెల్లారి బండి తీస్తే రెండు వీధులు దాటేసరికి జర్క్ ఇచ్చి ఆగింది, కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది, రేజ్ చేస్తే చస్తుంది. మెకానిక్ కార్బురేటర్ కింద గిన్నెకుండే డ్రెయిన్ స్క్రూ విప్పి గాజు గ్లాసులోకి పట్టాడు. అడుగున ఒక పొర, పైన పెట్రోల్. "బావా, బంకోడు నీళ్లు పోశాడు, పద పోదాం" అని ఫోన్ చేశాడు.

పోయాం, కానీ ముందు బండిని చూశాం. ట్యాంకు మూత చుట్టూ చిన్న గుంట ఉంటుంది, అందులో పడిన వాన నీళ్లు పోవడానికి సన్న రంధ్రం, దానికి ట్యూబ్, ఆ ట్యూబ్ బండి కిందికి వస్తుంది. దుమ్ము చేరి ఆ రంధ్రం మూసుకుపోతే గుంటలో నీళ్లు నిలిచి, రబ్బరు పాతదైతే మెల్లగా ట్యాంకులోకి దిగుతాయి. మూత గుంటలో కాసిన్ని నీళ్లు పోసి చూస్తే కింద ట్యూబ్ నుంచి ఒక్క చుక్క రాలేదు. మూత అంచు లోపల తుప్పు గీతలు కూడా ఉన్నాయి.

అయినా బంకుకి వెళ్లి జార్ అడిగాం. "ఏమప్పా, డెన్సిటీ కొలిచి చూపిస్తావా" అంటే ఆ కుర్రాడు మేనేజర్‌ని పిలిచాడు, ఆయన మర్యాదగానే చూపించాడు. జార్ అడుగున ఏమీ లేదు. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, హైడ్రోమీటర్ 739 చూపించింది. 15 డిగ్రీల తేడాకి సుమారు 13 కలిపితే 752. రిజిస్టర్‌లో 751 ఉంది, తేడా ఒకటి. అసలు లెక్క పట్టిక చూసే చేయాలి, నోటి లెక్క అంచనాకే. ఆ రాత్రి ఇంకెవరైనా కంప్లయింట్ ఇచ్చారా అని అడిగితే లేదన్నారు. భూమిలోని ట్యాంకులో నీళ్లు చేరితే ఒక్క బండికి కాదు, ఆ రాత్రి పోయించుకున్నవాళ్లలో పది మందికైనా బండ్లు ఆగుతాయి, పొద్దునకి బంకు ముందు జనం ఉంటారు. ఇక్కడ దోషం బండిదే. మూత రబ్బరు మార్చి, రంధ్రంలో సన్న తీగ పెట్టి పొడిచి, ట్యాంకు మొత్తం ఖాళీ చేయించాం. కొత్త ఇంజెక్షన్ బండ్లకు ఈ డ్రెయిన్ స్క్రూ సౌకర్యం లేదు, ట్యాంకే దించాలి, ఖర్చు ఎక్కువ. సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్‌తో ట్యాంకు మూత మీదికి నీళ్లు కొట్టించేవాళ్ల బండ్లలోకి కూడా ఇలాగే నీళ్లు దిగొచ్చు.

ఇక నీళ్లు కాక కల్తీ విషయం. డెన్సిటీ లెక్కకు పరిమితి ఉంది. కిరోసిన్ డెన్సిటీ 800 పైచిలుకు. 750 ఉన్న పెట్రోల్‌లో పది శాతం కలిపితే ఆరు దాకా పెరుగుతుంది, దొరికిపోతుంది. మూడు శాతం కలిపితే రెండు కూడా పెరగదు, దొరకదు. కరిగిపోయిన కొద్ది నీళ్లు కూడా ఆ 3 లోపలే దాక్కుంటాయి. డెన్సిటీ సరిపోయేలా చూసి సాల్వెంట్లు కలిపే ముదుర్లు ఉంటే ల్యాబ్‌లో ఆక్టేన్ పరీక్ష చేస్తే తప్ప మనకు తెలియదు. పదికి రెండు మార్కులు తగ్గించింది ఇందుకే.

అందుకే బంకు ఎంచుకోవడమే సగం పని. రేటు చూసి ఎంచుకునేవాళ్లతో నాకు పేచీ. బళ్లారి వైపు వెళ్తే లీటరు తక్కువ పడుతుందని చాలామంది అక్కడ ఫుల్ ట్యాంక్ చేయిస్తారు, చేయించుకోండి, కానీ ఆ తేడా రెండు రాష్ట్రాల పన్నులది, పెట్రోల్ మంచిదా కాదా అన్నదానికి సంబంధం లేదు. ప్రీమియం పెట్రోల్ కొంటే నీళ్లుండవు అనుకోవడం కూడా అంతే. చాలా బంకుల్లో అది నెమ్మదిగా అమ్ముడుపోతుంది, నిల్వ ఎక్కువ రోజులు ట్యాంకులో ఉంటుంది. పల్లెల్లో అంగడి ముందు సీసాల్లో అమ్మే పెట్రోల్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, రేటు ఎక్కువ, ఎక్కడిదో తెలియదు.

నేను చూసేవి వేరు. అమ్మకం బాగా ఉన్న బంకు కావాలి, హైవే మీద లారీలు, ఆటోలు రోజూ ఆగే చోట పెట్రోల్ నిలవ ఉండదు. వాన పడ్డాక ఆవరణలో భూమిలోని ట్యాంకుల మూతల చుట్టూ నీళ్లు నిలిచాయా అని చూస్తా. మూతలు నేల మట్టం కంటే ఎత్తుగా ఉంటే ధైర్యం, గుంటలో మునిగి ఉంటే ఆ వారం అటు పోను. ట్యాంకర్ దింపుతుంటే కూడా ఆగను, ఆ ధారకు అడుగున ఉన్న మడ్డి, నీళ్లు లేచి కలుస్తాయి, కొన్ని గంటలు పోతే గానీ కిందికి దిగవు. పరిచయమైన బంకులో పొద్దున్నే వెళ్తే ట్యాంకులోకి దించే కొలత కడ్డీకి పేస్ట్ రాసి నీళ్లు చూస్తున్నారా లేదా కూడా కనిపిస్తుంది. నీళ్లు తగిలినంత మేర పేస్ట్ రంగు మారుతుంది. అది రోజూ చేసే బంకు అంటే నాకు నమ్మకం. ఇవన్నీ ఒక ఎత్తు, జార్ అడిగినప్పుడు "దేనికన్నా, మన దాంట్లో ఏం లేదు" అని దాటవేస్తారా, తెచ్చి పెడతారా అన్నది ఒక ఎత్తు. జార్ పగిలింది, థర్మామీటర్ లేదు అని రెండోసారి కూడా చెప్పిన చోట నేను పోయించుకోవడం మానేశా.

నిజంగా జార్ అడుగున పొర కనిపిస్తే గొడవ పడేకన్నా ఫోటో తీసి, బిల్లు తీసుకుని, కంప్లయింట్ బుక్ అడగండి. కంపెనీ నంబర్ కూడా బంకులో రాసి ఉంటుంది. తక్కువ కొలత అయితే తూనికలు కొలతల శాఖ, కల్తీ అయితే పౌర సరఫరాల శాఖ. బిల్లు ఎందుకంటే, ట్యాంకర్ వచ్చినప్పుడు తీసిన శాంపిల్ సీల్ చేసి బంకులో ఉంచుతారు, మీరు పోయించుకున్న తేదీ, సమయం తెలిస్తే అది ఏ లోడో పట్టుకుని ఆ శాంపిల్‌తో పోల్చగలరు.